చెట్టును ఎక్కడ కోయాలి? డెండ్రోగ్రామ్‌ను చదివే పద్ధతి

దగ్గరగా ఉన్న వస్తువులను ఒకదాంతో ఒకటి కలుపుతూ పోయి గీసే చెట్టు బొమ్మే డెండ్రోగ్రామ్. దాన్ని మొదటిసారి చూసినవాళ్ళలో చాలామంది కళ్ళు ముందుగా కింది వరుస మీద పడతాయి. ఎవరి పక్కన ఎవరున్నారో చూసి, పక్కపక్కన ఉన్నవాళ్ళు దగ్గరవాళ్ళని అనుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే చదివాను. ఆ బొమ్మలో అడ్డంగా ఉండే దూరానికి అర్థం లేదు. చెప్పాల్సిందంతా నిలువు ఎత్తులోనే ఉంది.

ఇది తెలిశాక రెండో చిక్కు మొదలవుతుంది. ఈ బొమ్మను తయారుచేసే హైరార్కికల్ క్లస్టరింగ్ పద్ధతి గుంపులు ఎన్నో చెప్పదు, ఒక చెట్టును చేతికిస్తుంది. దాన్ని ఏ ఎత్తులో కోస్తే ఎన్ని ముక్కలవుతాయో మనమే తేల్చుకోవాలి. "పొడవైన నిలువు గీతలు ఎక్కడున్నాయో చూసి అక్కడ కోయండి" అని చాలాచోట్ల ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తారు. ఆ వాక్యం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ముంచుతుందో ఒక చిన్న ఉదాహరణ మీద చూద్దాం. కాగితం మీద చేతితో లెక్కగట్టగలిగేంత చిన్నది.

ఒక వెబ్‌సైట్‌లో ఏడు పేజీలున్నాయి. ఒక్కొక్కటి తెరుచుకోవడానికి పట్టిన సమయం సెకన్లలో ఇలా ఉంది: క 1, గ 2, చ 5, జ 7, ట 15, డ 18, త 30. వీటిని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో రకం మరమ్మతు చేయాలన్నది పని. ఒకే కొలత కాబట్టి రెండు పేజీల మధ్య దూరం అంటే వాటి సెకన్ల తేడాయే.

పద్ధతి సులువే. మొదట ప్రతి పేజీ తనొక్కటే ఒక గుంపు. అన్నిటికంటే దగ్గరగా ఉన్న రెండు గుంపులను కలుపుతాం. మళ్ళీ చూసి మళ్ళీ కలుపుతాం. అంతా ఒకటయ్యేదాకా ఇదే పని. ఏడు వస్తువులుంటే ఆరు కలయికలు. అయితే ఒక్కో గుంపులో ఒకటికి మించి పేజీలు ఉన్నప్పుడు, రెండు గుంపుల మధ్య దూరం అంటే ఏమిటన్నది ముందే ఒప్పుకోవాలి. దీన్నే లింకేజ్ అంటారు. ఇటు ఉన్న ప్రతి పేజీకి, అటు ఉన్న ప్రతి పేజీకి మధ్య దూరాలన్నీ తీసి సగటు కడితే అది యావరేజ్ లింకేజ్. దాంతోనే మొదలుపెడదాం.

| కలయిక | ఏవి కలిశాయి | ఎత్తు |
|---|---|---|
| 1 | క, గ | 1 |
| 2 | చ, జ | 2 |
| 3 | ట, డ | 3 |
| 4 | (క గ), (చ జ) | 4.5 |
| 5 | (క గ చ జ), (ట డ) | 12.75 |
| 6 | పై ఆరూ, త | 22 |

నాలుగో వరుసలో 4.5 ఎలా వచ్చిందంటే, క నుంచి చ, జలకు 4, 6. గ నుంచి 3, 5. నాలుగింటి మొత్తం 18, సగటు 4.5. బొమ్మలో ఆ రెండు కొమ్మలను కలిపే అడ్డగీత సరిగ్గా ఈ ఎత్తులోనే పడుతుంది. డెండ్రోగ్రామ్ అంటే ఈ పట్టికకు గీసిన బొమ్మ, అంతకుమించి ఏమీ లేదు. అందుకే నేను బొమ్మ కంటే ముందు పట్టికనే చూస్తాను.

ఇప్పుడు ఏ రెండు పేజీలు ఎంత దగ్గరో చెట్టును అడగాలంటే, ఆ రెండింటి నుంచీ పైకి ఎక్కుతూ పోవాలి. రెండు దారులు ఎక్కడ కలుస్తాయో ఆ ఎత్తే చెట్టు చెప్పే జవాబు. గ, చ కలిసేది 4.5 దగ్గర. డ, త కలిసేది 22 దగ్గర. అడ్డంగా ఎంత దూరంలో గీశారన్నది గీసిన ప్రోగ్రామ్ ఇష్టం. ప్రతి కలయిక దగ్గరా ఎడమ కొమ్మను కుడికి, కుడిదాన్ని ఎడమకు తిప్పేసినా చెట్టు మారదు. ఆరు కలయికలున్నాయి కాబట్టి ఇదే చెట్టును 64 రకాల వరుసల్లో గీయవచ్చు. వాటిలో కొన్నిట్లో 30 సెకన్ల త పేజీ, 1 సెకను క పేజీకి ఆనుకుని కూర్చుంటుంది. పక్కపక్కన ఉన్నాయి కదా అని రెండింటినీ ఒక గాట కట్టేస్తే పరువు పోతుంది.

ఇంకో మాట. చెట్టు చెప్పే దూరం అసలు దూరం కాదు. డ, త మధ్య నిజంగా ఉన్న తేడా 12 సెకన్లు, చెట్టులో అది 22. ఒకసారి గుంపులో చేరాక పేజీ తన సొంత దూరాన్ని పోగొట్టుకుని గుంపు దూరాన్ని మోస్తుంది. అన్ని జతలకూ అసలు దూరం, చెట్టు దూరం పక్కపక్కన పెట్టి కోరిలేషన్ కడితే చెట్టు ఎంత నమ్మకంగా ఉందో తెలుస్తుంది. కోఫెనెటిక్ కోరిలేషన్ అనేది అదే. ఇక్కడ అది సుమారు 0.89. చెట్టు అసలు దూరాలను మరీ వక్రీకరించలేదని దీనర్థం. గుంపులు రెండా, మూడా అన్న ప్రశ్నకు మాత్రం ఇది జవాబు కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు.

ఇక కోతకు వద్దాం. ఒక ఎత్తులో అడ్డంగా గీత గీస్తే అది ఎన్ని నిలువు గీతలను ఖండిస్తుందో అన్ని గుంపులు వస్తాయి. 8 దగ్గర గీస్తే మూడు: (క గ చ జ), (ట డ), (త). 5 దగ్గర గీసినా, 12 దగ్గర గీసినా అవే మూడు, ఎందుకంటే 4.5 నుంచి 12.75 దాకా కలయికే లేదు. కోసే ఎత్తు కొంచెం అటూఇటూ అయినా ఫలితం మారకపోతే ఆ కోత గట్టిదన్నమాట. పొడవైన నిలువు గీతలున్నచోట కోయమనడంలో ఉన్న ఆలోచన ఇదే, ఇంతవరకూ అది సబబే.

ఎత్తుల మధ్య ఖాళీలు చూడండి: 1, 1, 1.5, 8.25, 9.25. అన్నిటికంటే పెద్దది చివరిది, 12.75 నుంచి 22 దాకా. సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే అక్కడే కోయాలి. అప్పుడు రెండు గుంపులు వస్తాయి: ఒకదాంట్లో ఆరు పేజీలు, రెండోదాంట్లో త ఒక్కటే. 1 సెకనులో తెరుచుకునే పేజీ, 18 సెకన్లు పట్టే పేజీ ఒకే గుంపట! మరమ్మతు చేసేవాళ్ళకు ఇలాంటి విభజన ఇచ్చి లాభం లేదు.

ఇక్కడ జరిగిందేమిటంటే, దూరంగా విసిరేసినట్టున్న ఒకే ఒక్క విలువ చెట్టు పైభాగాన్నంతా సాగదీసింది. ఇలాంటప్పుడు కోత గురించి ఆలోచించే ముందు ఆ ఒక్కటీ ఎవరో విచారించాలి. మన ఉదాహరణలో అది 30. సరిగ్గా 30. చాలా సర్వర్లలో, కొలిచే సాధనాల్లో 30 సెకన్ల టైమ్-అవుట్ పెడుతుంటారు. ఆ పేజీ నిజంగా 30 సెకన్లలో తెరుచుకుందా, లేక 30 అయ్యేసరికి కొలిచే సాధనం విసిగి ఆపేసిందా? రెండోదైతే అది కొలత కాదు, గోడ. అసలు విలువ 40 కావచ్చు, 400 కావచ్చు. అలాంటిదాన్ని పక్కన పెట్టి మిగతా ఆరింటికి చెట్టు మళ్ళీ గీస్తే ఎత్తులు 1, 2, 3, 4.5, 12.75. ఇప్పుడు అతిపెద్ద ఖాళీ 4.5కూ 12.75కూ మధ్య ఉంది, అనుమానమే లేదు. రెండు అసలు గుంపులు, విడిగా చూడాల్సిన పేజీ ఒకటి.

పెద్ద ఖాళీ సూత్రంలో దీనికంటే లోతైన లోపం ఇంకొకటుంది. దాన్ని పట్టుకోవడానికి, గుంపులే లేని లెక్క ఒకటి తీసుకుందాం: 1, 2, 3, 4, 5, 6, 7, 8. అన్నీ సమాన దూరంలో ఉన్నాయి, విడదీయడానికి ఏమీ లేదు. యావరేజ్ లింకేజ్‌తో ముందు నుంచి జతలు కట్టుకుంటూ వస్తే నాలుగు జతలు 1 ఎత్తులో కలుస్తాయి. ఆ జతలు రెండేసి 2 దగ్గర కలుస్తాయి. చివరికి అటు నాలుగు, ఇటు నాలుగు 4 దగ్గర కలుస్తాయి. ఖాళీలు 1, 2. పెద్ద ఖాళీ పైన ఉంది కాబట్టి "రెండు గుంపులు" అని సూత్రం తీర్పు చెప్పేస్తుంది. 4కూ 5కూ మధ్య ఏ గోడా లేదు. అయినా బొమ్మలో రెండు అందమైన కొమ్మలు కనిపిస్తాయి.

కారణం సులభం. గుంపులు పెద్దవవుతున్నకొద్దీ వాటి సగటు దూరాలు ఎలాగూ పెరుగుతాయి. కాబట్టి పైకి పోయేకొద్దీ ఖాళీలు పెద్దవి కావడం చెట్టు స్వభావం, డేటా గొప్పతనం కాదు. సగటుకు బదులు బాగా ఎడంగా ఉన్న జత దూరాన్ని తీసుకునే కంప్లీట్ లింకేజ్‌లో, గుంపు లోపలి చెదురు అన్నిటికంటే తక్కువ పెరిగేలా కలుపుకుంటూ పోయే వార్డ్ పద్ధతిలో ఈ సాగుడు ఇంకా ఎక్కువ. బాగా దగ్గరగా ఉన్న జత దూరాన్నే తీసుకునే సింగిల్ లింకేజ్‌లో మాత్రం ఈ ఎనిమిది అంకెలకు ఎత్తులన్నీ 1 దగ్గరే ఆగిపోతాయి. గుంపులేమీ లేవని ఆ బల్లపరుపు చెట్టే ఒప్పుకుంటుంది.

అందువల్ల ఒక ఖాళీ పెద్దదా చిన్నదా అన్నది దానికదిగా తేలదు, గుంపులు లేని డేటాలో ఎంత వచ్చేదో దానితో పోల్చాలి. ఒకే కొలత ఉంటే 1కీ 30కీ మధ్య యాదృచ్ఛికంగా ఏడు అంకెలు తీసి చెట్టు గీయండి, ఇది కొన్ని వందలసార్లు చేయండి. చాలా కొలతలుంటే ప్రతి నిలువు వరుసనూ విడిగా కలగాపులగం చేసి గీయండి. మీ అసలు చెట్టులో కనిపించిన ఖాళీ లాంటివి ఆ ఉత్తుత్తి చెట్లలోనూ తరచుగా వస్తుంటే దాని మీద కథలు అల్లకండి. పది లైన్ల కోడ్ పని ఇది, కానీ చేసేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు మన ఏడు పేజీలకే లింకేజ్ మార్చి చూద్దాం. కంప్లీట్ లింకేజ్‌లో రెండు గుంపుల దూరం అంటే వాటిలో బాగా ఎడంగా ఉన్న జత దూరం. మొదటి మూడు కలయికలు మారవు. నాలుగోది 6 దగ్గర (1 నుంచి 7). ఐదో కలయికలో కథ తిరుగుతుంది: (ట డ)కి తతో దూరం 15, కింది నాలుగింటితో 17. కాబట్టి (ట డ) ఈసారి తతో జత కడతాయి. చివరి కలయిక 29 దగ్గర. పెద్ద ఖాళీ సూత్రం మళ్ళీ రెండు గుంపులనే ఇస్తుంది కానీ వేరే రెండు: (క గ చ జ), (ట డ త). వార్డ్ పద్ధతిలోనూ ఇదే వస్తుంది. దగ్గరి జతనే లెక్కలోకి తీసుకునే సింగిల్ లింకేజ్‌లో చివరి ఎత్తులు 3, 8, 12. అక్కడ పెద్ద ఖాళీ 3కూ 8కీ మధ్య పడి మూడు గుంపులు వస్తాయి.

అంటే అదే డేటా, అదే సూత్రం. లింకేజ్ మారితే జవాబు మూడు రకాలు. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది, ఏది నిజమో తెలియక. తర్వాత అర్థమైంది, చూడాల్సింది పెద్ద ఖాళీ ఎక్కడుందని కాదు, ఏ విభజన అన్ని చెట్లలోనూ నిలబడుతోందని. నాలుగు పద్ధతుల్లోనూ మూడు గుంపులకు కోసి చూడండి. నాలుగింటిలోనూ (క గ చ జ), (ట డ), (త) వస్తాయి. రెండుకు కోస్తే మాత్రం తగాదా.

ఆ తగాదా ఎంత పలచటి దారం మీద వేలాడుతోందో యావరేజ్ లింకేజ్ పట్టికలోనే ఉంది. (ట డ) కింది నాలుగింటితో కలిసింది 12.75 దగ్గర. తతో కలవాలంటే 13.5. తేడా ముప్పాతిక సెకను. డ పేజీ మరోసారి కొలిచినప్పుడు 18 బదులు 19 వచ్చిందనుకోండి. ఇప్పుడు (ట డ)కి తతో 13, కింది గుంపుతో 13.25. ఒక్క సెకను మారేసరికి చెట్టు పైభాగం తలకిందులై, (ట డ) అటు నుంచి ఇటు దూకేశాయి. మూడు గుంపులు మాత్రం చెక్కుచెదరలేదు. కొలతల్లో సహజంగా ఎంత ఊగిసలాట ఉంటుందో అంత కలిపి, చెట్టు మళ్ళీ మళ్ళీ గీసి, ఏ గుంపులు తిరిగి తిరిగి వస్తున్నాయో లెక్కపెట్టడం నాకు తెలిసినంతలో మంచి పరీక్ష.

సిల్హౌట్ స్కోర్ ఉంది కదా, దాన్నే అడిగితే పోలేదా అనవచ్చు. ప్రతి వస్తువూ తన గుంపుకు ఎంత దగ్గర, పక్క గుంపుకు ఎంత దూరం అని పోల్చి 1కి లోపు అంకె ఇస్తుంది, ఎక్కువైతే మంచిది. మన పేజీలకు కట్టి చూశాను. మూడు గుంపులకు సగటు 0.618. కంప్లీట్ లింకేజ్ ఇచ్చిన రెండు గుంపులకు 0.617. త ఒక్కదాన్నే విడదీసిన రెండు గుంపులకు 0.47. చివరిది చెడ్డదని తేల్చింది, సంతోషం. మొదటి రెండింటి మధ్య తీర్పు చెప్పలేక చేతులెత్తేసింది. పైగా ఒంటరి సభ్యుడున్న గుంపుకు ఈ స్కోర్ నియమం ప్రకారం 0 ఇస్తారు, కాబట్టి త పేజీని విడిగా పెట్టిన ప్రతి విభజనకూ కొంత కోత ముందే పడిపోతుంది. మూడో దశాంశంలో తేడా చూసి గుంపుల సంఖ్య నిర్ణయించినట్టు రిపోర్టుల్లో రాస్తే చదివేవాళ్ళు నవ్వాలి, నవ్వరు.

పైథాన్‌లో ఇదంతా ఐదు లైన్లు.

```python
from scipy.cluster.hierarchy import linkage, fcluster
x = [[1], [2], [5], [7], [15], [18], [30]]
Z = linkage(x, method="average")
print(Z)
print(fcluster(Z, t=8, criterion="distance"))
```

`Z`లో మూడో నిలువు వరుసే ఎత్తులు. పైన మనం చేతితో కట్టిన పట్టికతో సరిపోల్చుకోవచ్చు. `t=8` అంటే 8 ఎత్తులో కోత. ఇక్కడ ఒక ఉచ్చు గురించి చెప్పి తీరాలి. ఇదే లైబ్రరీలోని `dendrogram` ఫంక్షన్ కొమ్మలకు రంగులు వేసి ఇస్తుంది. ఆ రంగులు చూసి, ప్రోగ్రామే గుంపులు కనిపెట్టిందని నమ్మేసేవాళ్ళు ఎందరో. మనం ఏమీ చెప్పకపోతే అది చివరి కలయిక ఎత్తులో 70 శాతం దగ్గర గీత గీసి దాని కింద రంగులు మారుస్తుంది, అంతే. మన చెట్టులో 22లో 70 శాతం 15.4. అంటే ఆరు పేజీలకూ ఒకే రంగు వస్తుంది. మనం వద్దనుకున్న విభజనే! అన్ని రకాల డేటాకూ 70 శాతం సరిపోవడానికి కారణమేదీ లేదు. `color_threshold=8` అని మనమే చెప్పాలి.

కొలతలు ఒకటికి మించి ఉంటే స్కేలు సంగతి చెట్టు గీయక ముందే తేలాలి. ఒక వరుస సెకన్లలో, ఇంకోటి కిలోబైట్లలో ఉంటే, పెద్ద అంకెలున్న కిలోబైట్లే దూరాలన్నిటినీ శాసిస్తాయి. ఆ చెట్టును ఎక్కడ కోసినా ఒకటే.

ఒకే ఎత్తులో ఒకే గీత గీయాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. కొన్ని గుంపులు బిగుతుగా, కొన్ని వదులుగా ఉన్న చెట్టులో, వదులు గుంపు ఒకటిగా మిగిలేంత పైన కోస్తే బిగుతు గుంపులు కలిసిపోతాయి. కిందికి దిగితే వదులు గుంపు చిల్లరగా రాలిపోతుంది. అప్పుడు ఒక్కో కొమ్మను ఒక్కో ఎత్తులో కోస్తారు. జన్యువుల విశ్లేషణలో వాడే డైనమిక్ ట్రీ కట్ అనే ఆర్ ప్యాకేజీ (2008) ఈ అవసరం కోసమే వచ్చింది. అయితే అది కూడా గుంపులో కనీసం ఎందరుండాలని మనల్నే అడుగుతుంది. నిర్ణయం తప్పలేదు, వేషం మారిందంతే.

మన పేజీల విషయంలో ఆ నిర్ణయాన్ని నడిపేది మరమ్మతు పనే. నాలుగు రకాల మరమ్మతులు చేసే ఓపిక ఉంటే 4 ఎత్తులో కోసి (క గ), (చ జ), (ట డ), (త) అని నాలుగు తీసుకోవచ్చు. 3కూ 4.5కూ మధ్య ఉన్న ఆ ఖాళీ 1.5 సెకన్లదే కాబట్టి, రేపు మళ్ళీ కొలిస్తే ఆ గుంపులు అలాగే ఉంటాయని నేను హామీ ఇవ్వను. నేనైతే మూడు తీసుకుంటాను: వేగంగా ఉన్న నాలుగు, నిదానంగా ఉన్న రెండు, టైమ్-అవుట్ అనుమానం తీరేదాకా విడిగా పెట్టిన ఒకటి. లింకేజ్ ఏది, కోసిన ఎత్తు ఎంత, త పేజీని ఎందుకు విడిగా పెట్టాం అన్నవి ఫలితం పక్కనే రాసి పెడతాను.

ఆ ఎత్తు రాసి పెట్టడం ఎందుకంటే, మర్నాడు 10 సెకన్లు పట్టే ఎనిమిదో పేజీ వస్తుంది. యావరేజ్ లింకేజ్‌లో అది ముందు (చ జ)తో 4 దగ్గర కలుస్తుంది, ఆ ముగ్గురూ (క గ)తో 5.83 దగ్గర కలుస్తారు. వాళ్ళకు (ట డ)తో కలయిక ఇప్పుడు 11.5 దగ్గరే. 8లో కోస్తే ఇంకా మూడు గుంపులే వస్తాయి, కానీ నిన్న 8.25 ఉన్న ఖాళీ ఇవాళ 5.67. పన్నెండు, పదమూడు సెకన్ల పేజీలు ఇంకో రెండు వస్తే ఆ ఖాళీ ఇంకా తగ్గి, 10 సెకన్ల పేజీ నిదానంగా ఉన్న గుంపులోకి దూకేస్తుంది, అప్పుడు వేగం, నిదానం అన్న గీతను మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి.